రూపాయి పదిహేడు పైసల వడ్డీ

మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు కంపెనీలో పనిచేస్తుంది. చేరి మూడేళ్లయింది. నెలకు చేతికొచ్చేది 52 వేలు. ఏడాదిన్నర కిందట బావగారికి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ చేయించాల్సి వచ్చినప్పుడు, ఎవర్నీ చేయి చాచి అడగడం ఇష్టంలేక 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంది. 14 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు, నెలకు 11,634 రూపాయల ఈఎంఐ. ఒక్క నెల కూడా తప్పకుండా కడుతూ వచ్చింది.

మొన్న ఓ ఆదివారం భోజనాలయ్యాక ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చుంది. "మామయ్యా, నా చీటీ అయిపోయింది. లక్ష రూపాయలు చేతికొచ్చాయి. లోన్‌లో కట్టేద్దామనుకుంటే ఆఫీసులో వద్దంటున్నారు. మ్యూచువల్ ఫండ్‌లో వేస్తే అంతకంటే ఎక్కువే వస్తుందట. ఏం చేయమంటారు?"

మొదట లోన్ స్టేట్‌మెంట్ తెరవమన్నాను. అప్పటికి 18 ఈఎంఐలు కట్టింది. అంటే 2,09,414 రూపాయలు. బాకీ ఎంత ఉందో చూసి ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఇంకా 3,84,558 రూపాయలుంది. రెండు లక్షల పైన కడితే అసలు తగ్గింది 1,15,442 మాత్రమే. మిగతా 94 వేలు వడ్డీకే పోయాయి. "ఇదేంటి మామయ్యా, సగం దాకా తీర్చేశాననుకున్నానే!"

అక్కడ మోసమేమీ లేదు. ఈఎంఐ లెక్కే అంత. వడ్డీ ఎప్పుడూ మిగిలిన అసలు మీద పడుతుంది. మొదటి నెల 5 లక్షల మీద 5,833 రూపాయల వడ్డీ పడింది. ఆమె కట్టిన 11,634లో అది పోగా అసలుకు చేరింది 5,801. నెలనెలా అసలు కొంచెం కొంచెం కరుగుతుంది, వడ్డీ ఆ మేరకు తగ్గుతుంది, అసలుకు చేరేది పెరుగుతుంది. పందొమ్మిదో నెలకు వచ్చేసరికి వడ్డీ వాటా 4,487 అవుతుంది. ఆఖరి నెలల్లో అది నూట చిల్లరకు దిగిపోతుంది. కాబట్టి అప్పుకు సంబంధించిన అసలు భారమంతా మొదటి సగంలోనే మోస్తాం. ముందుగా కట్టాలంటే తొలినాళ్లలోనే ఎందుకు కట్టాలో, చివర్లో కడితే ఎందుకు పెద్దగా ఒరగదో ఈ ఒక్క విషయంలోనే ఉంది. దాని సంగతి తర్వాత మళ్లీ చెప్తాను.

శాతాలు చెప్తే మనకు అంత త్వరగా తలకెక్కవు. మన ఊళ్లలో వడ్డీని ఎప్పుడూ నూటికి నెలకు ఇంత అనే లెక్కగట్టారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయల వడ్డీ అంటే 24. డ్వాక్రా మహిళలకు ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. ఆ లెక్కన మా మేనకోడలి 14 శాతం లోన్, రూపాయి పదిహేడు పైసల వడ్డీ. ఆమె ఇప్పుడు లక్ష కడితే వచ్చే నెల నుంచి పడే వడ్డీ సరిగ్గా 1,167 రూపాయలు తగ్గుతుంది. 4,487 పడాల్సిన చోట 3,320 పడుతుంది.

నేను అడిగాను: "ఎవరైనా వచ్చి, నీ లక్ష నాకివ్వు, నెలకు రూపాయి పదిహేడు పైసల వడ్డీ ఇస్తాను, ఎగ్గొట్టే ప్రసక్తే లేదు అంటే ఇస్తావా?" ఇస్తానంది. లోన్‌లో ముందుగా కట్టడమంటే అచ్చంగా అదే. బ్యాంకు మన దగ్గర అప్పు తీసుకున్నట్టే. అంత వడ్డీని హామీగా ఇచ్చే డిపాజిట్ దేశంలో ఏ మంచి బ్యాంకులోనూ లేదు. పైగా ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద ఆదాయపు పన్ను పడుతుంది. మిగిల్చుకున్న వడ్డీ మీద ఏ పన్నూ లేదు.

దీన్ని గీటురాయిగా పెట్టుకుని ఫండ్ వైపు చూడాలి. ఈక్విటీ ఫండ్ ఇంత ఇస్తుందని ఎవరూ రాసివ్వరు. రాసివ్వకూడదని సెబీ నిబంధనే ఉంది. సగటున 12 శాతం అని అందరూ అనుకునే అంకె, ఎన్నో ఏళ్లను కలిపి తీసిన సగటు. ఆమె లోన్ మిగిలింది 42 నెలలు. కాబట్టి ఆమెకు కావాల్సింది ఇరవై ఏళ్ల సగటు కాదు. ఈ మూడున్నరేళ్లలో ఏమవుతుందన్నది.

మూడున్నరేళ్లలో ఏమైనా కావచ్చు. 2008 జనవరి మొదట్లో సెన్సెక్స్ 20 వేలు దాటి ఉంది. అప్పుడు డబ్బు పెట్టినవాళ్లు మూడున్నరేళ్లు ఆగి, 2011 జులై చివర్లో చూసుకుంటే అది 18 వేల చిల్లర దగ్గరుంది. డివిడెండ్లు పక్కన పెడితే పెట్టిన అసలే తగ్గింది. మధ్యలో 2008 అక్టోబరులో అది సగం కంటే కిందికి పడిపోయిన సంగతి సరేసరి. దీనికి పూర్తిగా ఎదురు కథ కూడా ఉంది. కరోనా భయంలో, 2020 ఏప్రిల్ మొదట్లో సెన్సెక్స్ 28 వేల దరిదాపుల్లో ఉంది. మూడున్నరేళ్లకు, 2023 సెప్టెంబరు చివరికి 65 వేలు దాటింది. రెట్టింపుకు మించి పెరిగింది. గడువు అదే, దేశం అదే, సూచీ అదే. ఆఫీసులో మా పిల్లకు సలహా చెప్పినవాళ్లు ఈ రెండో కాలంలో డబ్బు పెట్టినవాళ్లు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లకు వచ్చిందే చెప్పారు. యాప్‌లో ఫండ్ పేరు పక్కన కనిపించే మూడేళ్ల, ఐదేళ్ల రాబడి అంకెలు కూడా ఏ రోజు నుంచి లెక్కపెట్టారన్న దాన్ని బట్టే పెద్దగానో చిన్నగానో కనబడతాయి.

అయినా మాటలతో సరిపెట్టకుండా కాగితం తీసి లెక్క వేశాం. లెక్క నిజాయతీగా ఉండాలంటే ఓ జాగ్రత్త కావాలి. రెండు దారుల్లోనూ ఆమె జేబులోంచి ప్రతి నెలా ఒకే మొత్తం పోవాలి. చాలామంది చేసే తప్పు ఇక్కడే. ఫండ్‌లో పెరిగిన డబ్బును మిగిలిన వడ్డీతో నేరుగా పోల్చి, ఫండ్ గెలిచిందనో ఓడిందనో చెప్పేస్తారు. లోన్ ముందుగా తీరిపోయాక ఖాళీ అయిన ఈఎంఐల మాటే ఎత్తరు.

ఆమె లోన్‌లో ముందుగా కట్టే మొత్తం మీద 3 శాతం ఛార్జీ ఉంది. ఆ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ. లక్షకు మొత్తం 3,540 రూపాయలు. అంటే ఆమెకు అయ్యే ఖర్చు 1,03,540.

మొదటి దారి. లక్ష కట్టి, ఈఎంఐ అలాగే ఉంచి, గడువు తగ్గించుకుంటే బాకీ 2,84,558కి దిగుతుంది. ఇంకా 42 నెలలు కట్టాల్సింది 29 నెలల్లోనే అయిపోతుంది. ఆ ఇరవై తొమ్మిదోది కూడా పూర్తి ఈఎంఐ కాదు, కాస్త తక్కువే. పదమూడు ఈఎంఐలు ఎగిరిపోయాయి. కట్టబోయే వడ్డీ 1,04,075 నుంచి 52,422కు, అంటే ఇంచుమించు సగానికి పడింది. మిగిలింది 51,653. ఛార్జీ తీసేస్తే 48 వేల పైచిలుకు. ఇక ముప్పయ్యో నెల నుంచి నలభై రెండో నెల దాకా ఆ 11,634ను ఖర్చుపెట్టకుండా, 6 శాతం ఇచ్చే మామూలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ పోతే, 42 నెలలు నిండేసరికి ఆమె దగ్గర సుమారు 1,56,300 ఉంటుంది. ఆర్‌డీ వడ్డీ మీద కాస్త పన్ను పడుతుంది. అది కొన్ని వందలే కాబట్టి వదిలేశాను.

రెండో దారి. అదే 1,03,540 ఫండ్‌లో వేసి, లోన్ మామూలుగా 42 నెలలూ కడుతుంది. ఫండ్ ఏటా 12 శాతం ఇస్తే చివరికి చేతిలో 1,53,900. 8 శాతమే ఇస్తే 1,35,500. 18 శాతం ఇస్తే 1,84,800. ఈక్విటీ ఫండ్‌ను ఏడాది దాటాక అమ్మితే, ఆ ఆర్థిక సంవత్సరంలో వచ్చిన లాభం 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఆమె లాభం ఆ హద్దు లోపలే కాబట్టి పన్ను ఇక్కడ తీర్పు మార్చదు.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఫండ్ ఏటా సుమారు పన్నెండున్నర శాతం ఇస్తేనే సరిసమానం. అందరూ ఆశగా చెప్పుకునే 12 శాతం తప్పకుండా వచ్చినా సరే, ఏ రిస్కూ లేని మొదటి దారి రెండు వేల పైచిలుకు ముందుంది. అదీ ఛార్జీ కట్టి, మిగిలిన ఈఎంఐలను అతి సాధారణమైన ఆర్‌డీలో వేసుకున్నాక. 18 శాతం వస్తే ఫండ్ గెలుస్తుంది, నిజమే. కానీ ఆ గెలుపు కోసం 2008 నాటి గతి పట్టే అవకాశాన్ని నెత్తిన పెట్టుకోవాలి. ఆ గతే పడితే, పెట్టుబడి తగ్గి కూర్చున్న నెలల్లో కూడా 11,634 ఈఎంఐ మానదు. ఉద్యోగం ఊడితే ఆ ఈఎంఐ కోసం ఆ ఫండ్‌నే నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది. అప్పు నెత్తిన పెట్టుకుని షేర్లలో డబ్బు పెట్టడమంటే, ఎంత మెత్తగా చెప్పినా, అప్పు తెచ్చి షేర్లలో పెట్టడమే.

డెట్ ఫండ్లు, లిక్విడ్ ఫండ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అవి ఇచ్చేది ఇంచుమించు ఫిక్స్‌డ్ డిపాజిట్ స్థాయిలోనే ఉంటుంది. అర్ధరూపాయి వడ్డీకి ఇచ్చి, రూపాయి పదిహేడు పైసల వడ్డీకి తెచ్చుకుంటే ఏమవుతుందో ఎవరికైనా తెలుసు.

ఇంత చెప్పాక కూడా నేను వెంటనే కట్టేయమనలేదు. ముందు ఆమె సేవింగ్స్ ఖాతాలో ఇంకెంత ఉందో అడిగాను. ఎందుకంటే లోన్‌లో ముందుగా కట్టిన డబ్బు మళ్లీ వెనక్కి రాదు. ఫండ్‌కున్న ఒకే ఒక్క నిజమైన బలం అదే. అమ్మితే రెండు మూడు పనిదినాల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి లోన్‌కు కట్టేసి, వచ్చే నెల బావగారికి మళ్లీ ఏదైనా ఆసుపత్రి ఖర్చు వస్తే? కార్డు గీకుతుంది. క్రెడిట్ కార్డు బాకీ పూర్తిగా కట్టలేకపోతే పడే వడ్డీ చాలా కార్డులకు నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది. అంటే మూడున్నర రూపాయల వడ్డీ! రూపాయి పదిహేడు పైసల అప్పు తీర్చుకోడానికి మూడున్నర రూపాయల అప్పు తెచ్చుకున్నట్టవుతుంది. అదృష్టవశాత్తూ ఆమె దగ్గర విడిగా లక్షన్నర ఉంది. ఇంటద్దె, తిండి, ఈఎంఐ కలిపి నెలకు 38 వేలు ఖర్చవుతుంది కాబట్టి దాదాపు నాలుగు నెలలకు సరిపోతుంది. అది ముట్టుకోవద్దన్నాను. ఆ నిల్వ లేకపోయుంటే, లక్షలో ముందు ఆ నిల్వకే తీసిపెట్టి, మిగిలింది మాత్రమే లోన్‌లో కట్టమనేవాణ్ని. కార్డు మీద ముందే బాకీ ఉంటే మొదట తీరాల్సింది అదే. దాని ముందు పర్సనల్ లోనూ, ఫండూ రెండూ వెనక్కే.

ఇక కట్టడం దగ్గర ఏం జరుగుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ లాభమంతా పోయేది అక్కడే.

ముందు చూడాల్సిన కాగితం కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ రుణాలకు దీన్ని ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అసలు వడ్డీ రేటే కాక, ఫీజులన్నీ కలుపుకుంటే ఏడాదికి పడే రేటు ఎంతో అందులో ఉంటుంది. పాత లోన్ అయితే శాంక్షన్ లెటర్, లోన్ అగ్రిమెంటు చూసుకోవాలి. వెతకాల్సినవి మూడే. ఎన్ని ఈఎంఐలు కట్టాక ముందుగా కట్టనిస్తారు, ఏడాదికి ఎన్నిసార్లు ఎంత మేరకు కట్టనిస్తారు, ఛార్జీ ఎంత. వ్యక్తులు సొంత అవసరానికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు రుణాలపై ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. కానీ పర్సనల్ లోన్లు చాలావరకు ఫిక్స్‌డ్ రేటువే, వాటికి ఛార్జీ వేసుకునే వీలుంది. ఇంకో మాట, ఆ కాగితంలో "ఫ్లాట్" అనే పదం ఉందేమో చూడండి. 8 శాతం ఫ్లాట్ అని చెప్పి 5 లక్షలు ఐదేళ్లకు ఇస్తే వడ్డీ 2 లక్షలు, ఈఎంఐ 11,667. మా మేనకోడలి 14 శాతం లోన్ ఈఎంఐ కంటే అది 33 రూపాయలు ఎక్కువ! అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం ఎప్పుడూ మొత్తం 5 లక్షల మీదే లెక్కగడతారు కాబట్టి 8 అన్నది నిజానికి 14 దాటిపోతుంది. "నాది 8 శాతమే, ఫండే మేలు" అనుకునేవాళ్లలో కొందరి లోన్ ఇలాంటిదే.

ఆ మధ్యాహ్నమే ఆమె యాప్‌లోంచి కట్టబోతే, ముందు ఆ లక్షను ఈఎంఐ కట్ అయ్యే ఖాతాలో వేసి ఊరుకోబోయింది. అలా వేస్తే లోన్ తగ్గదు. డబ్బు ఖాతాలోనే పడి ఉంటుంది, నెలనెలా ఈఎంఐ అందులోంచే పోతుంది, వడ్డీ పైసా తగ్గదు. కొన్నిచోట్ల లోన్ ఖాతాలోకి నేరుగా పంపినా దాన్ని ముందస్తు ఈఎంఐగా జమకట్టి పక్కన పెడతారు. కాబట్టి యాప్‌లో పార్ట్ పేమెంట్ అని విడిగా ఉంటే అందులోనే కట్టాలి. లేకపోతే బ్రాంచికి మెయిల్ రాసి, ఈ మొత్తాన్ని అసలుకు జమచేయమని, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించమని స్పష్టంగా అడగాలి.

ఆ చివరి ముక్క రాయకపోతే ఏమవుతుందో ఆమెకు అనుభవంలోకి వచ్చింది. నాలుగు రోజులకు కొత్త షెడ్యూలు వచ్చింది. అందులో గడువు 42 నెలలు అలాగే ఉంది, ఈఎంఐ 8,609కి తగ్గింది. "మామయ్యా, నెలకు మూడు వేలు మిగిలాయి, మంచిదేగా?" అని సంబరంగా ఫోన్ చేసింది. కాదనలేం. చేతిలో మిగిలే ఆ 3,025ను ప్రతి నెలా ఎక్కడైనా దాచుకుంటే అదీ లాభమే. కానీ ఆ దారిలో మిగిలే వడ్డీ 27 వేలు, గడువు తగ్గిస్తే మిగిలేది 51 వేలు. తేడా ఎందుకంటే, ఆ మూడు వేలు లోన్‌లోంచి తీసి నెలనెలా మన చేతికే తిరిగి ఇస్తున్నట్టు లెక్క. మన చేతికి వచ్చిన మూడు వేలు ఏమవుతాయో నెలాఖరున చూసుకుంటే తెలుస్తుంది. నిజంగా నెల గడవడమే కష్టమవుతున్నవాళ్లు ఈఎంఐ తగ్గించుకోవడమే సరి. మా పిల్ల పరిస్థితి అది కాదు. మళ్లీ మెయిల్ రాయించాను. ఇంకో వారానికి సవరించిన షెడ్యూలు వచ్చింది: 11,634 చొప్పున, 29 నెలలు. ఆఖరి వరస దాకా వేలు పెట్టి చూసుకుంది.

ముందే చెప్తానన్న సంగతి ఇప్పుడు. ఇదే పని అందరికీ లాభం కాదు. ఇదే లోన్ చివరికొచ్చి, ఇంక ఆరు ఈఎంఐలే ఉన్నాయనుకోండి. బాకీ 67,041. మామూలుగా కట్టుకుంటూ పోతే పడే వడ్డీ మొత్తం 2,764. ఒకేసారి కట్టి మూసేయాలంటే ఛార్జీ, జీఎస్టీ కలిపి 2,373. అంటే 67 వేలు ఖర్చుపెట్టి మిగుల్చుకునేది 391 రూపాయలు. అక్కడ ముందుగా కట్టడం దండగ. ఆ డబ్బు బ్యాంకులో ఉంచుకున్నా, ఫండ్‌లో వేసుకున్నా మేలే. అలాగే కొన్ని సంస్థలు తమ ఉద్యోగులకు ఇచ్చే లోన్ల మాదిరిగా 8, 9 శాతానికి దొరికిన అప్పయితే, ఏడెనిమిదేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బును ఈక్విటీ ఫండ్‌లో పెట్టడానికి నేను అడ్డు చెప్పను. నా మటుకు నాకు గీత రూపాయి వడ్డీ దగ్గర ఉంది. అప్పు రూపాయి వడ్డీ దాటితే ముందు అప్పే. ముప్పావలా, ఆ లోపు అయితే ఫండ్ గురించి ఆలోచించవచ్చు. రెంటికీ మధ్య ఉంటే, ఛార్జీ ఎంత, ఇంకెన్ని నెలలున్నాయి అన్నది చూసుకుని నిర్ణయించుకోవాలి.

సగం అందులో, సగం ఇందులో వేద్దామని ఆమె కూడా అంది. 14 శాతం దగ్గర దానికి లెక్కలో సమర్థన లేదు. అయితే ఫండ్ ఎలా కదులుతుందో, ఎర్రంకెలు చూస్తే తన మనసు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నెలకు 500 రూపాయల సిప్ ఇప్పుడే మొదలుపెట్టమన్నాను, ఓ ఇండెక్స్ ఫండ్‌లో, డైరెక్ట్ ప్లాన్‌లో. దాన్నుంచి రాబడి ఆశించి కాదు. రెండున్నరేళ్ల తర్వాత నెలకు పదకొండు వేల పైన పెట్టాల్సి వచ్చేనాటికి, మార్కెట్ పడినప్పుడు కంగారుపడి అమ్మేసే అలవాటు ఉందో లేదో ముందే తెలిసిపోతుందని.

ఎందుకంటే మొదటి దారి గెలవడానికి నేను వేసిన లెక్కలో ఓ షరతుంది. ఆ పదమూడు ఈఎంఐలూ ఎక్కడికీ పోకుండా ఉండాలి. ఫండ్‌లో లక్ష వేస్తే యాప్ తెరిచిన ప్రతిసారీ అది కళ్లకు కనబడుతుంది. ముందుగా కట్టిన లక్ష ఎక్కడా కనబడదు. ఇరవై తొమ్మిది నెలల తర్వాత ఓ ఐదో తారీఖున ఖాతాలోంచి డబ్బు కట్ కాదు, అంతే. దాని లాభమంతా ఆ కట్ కాని 11,634 రూపాయల్లోనే ఉంది. ఆ నెల నుంచి కొత్త ఫోన్ ఈఎంఐ మొదలైతే, 1,56,300 అన్న నా అంకె కాగితం మీదే ఉండిపోతుంది, లక్ష ఫండ్‌లో వేసి మరిచిపోయిన వాళ్లే ఆమె కంటే ముందుంటారు.

లోన్ తీరాక చేయాల్సిన పనులను కూడా ఆ కాగితం వెనకే రాసిచ్చాను. బాకీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఈఎంఐ కోసం ఇచ్చిన నాచ్ మ్యాండేట్ రద్దయిందో లేదో చూసుకోవాలి. లోన్‌తో పాటే అంటగట్టిన ఇన్సూరెన్స్ ఉంటే, మిగిలిన కాలానికి ప్రీమియంలో కొంత వెనక్కి ఇస్తారేమో అడగాలి. ఆమె స్టేట్‌మెంట్‌లో అలాంటిది ఒకటి కనబడింది, తీసుకున్నప్పుడు ఎవరూ చెప్పలేదట. నెల తర్వాత సిబిల్ రిపోర్టు తీసి, లోన్ పక్కన క్లోజ్డ్ అని ఉందో లేదో చూడాలి. సెటిల్డ్ అని ఉంటే పూర్తిగా కట్టలేక బేరమాడుకున్నట్టు అర్థం, ఊరుకోకుండా సరిచేయించుకోవాలి. సిబిల్‌తో సహా అలాంటి సంస్థలు ప్రతి ఒక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి.

ఆ కాగితం చూసి ఆమె చివర్న తన చేత్తో ఒక వరస చేర్చింది: ముప్పయ్యో నెల, ఐదో తారీఖు, 11,634, ఆర్‌డీ. తర్వాత ఫోన్‌లో క్యాలెండర్ తీసి ఆ తేదీకి గంట పెట్టుకుంది.

"ఆ పదమూడు నెలలూ అయ్యాక మామయ్యా?" అంది.

"అప్పటికి నీకు ఏ అప్పూ ఉండదు. చేతిలో లక్షన్నర ఉంటుంది, నెలకు పదకొండు వేల పైన ఖాళీగా ఉంటుంది. ఆ రోజున నువ్వు ఫండ్ గురించి అడిగితే, నేను వేరే మాట చెప్తాను" అన్నాను.